పంచదార ఎవరికి?

కోటవురట్లలో మొన్న జరిగిన యొక వివాహమునకు చక్రాల కుర్చీలో విచ్చేసిన విశ్రాంతోపాధ్యాయుని కడకు కాఫీ పళ్లెముతో వచ్చిన పెద్దమనిషి, కుర్చీలోనివారిని గాక, దానిని నెట్టుకొనివచ్చిన మేనల్లుని ముఖము చూచి, "మీ మావయ్యగారు పంచదార వేసుకుంటారా బాబూ?" అని మెల్లగా అడిగెను. నలుబదియేండ్లు ఊరి పిల్లలచేత ఎక్కములు వల్లెవేయించిన ఆ నోరు కాళ్లతోపాటే పడిపోయినదని ఆయన యెట్లు నిర్ణయించెనో!

ఈ జాడ్యము మన సొత్తే యనుకొనరాదు. బి.బి.సి. రేడియోవారు 1977లో వికలాంగులకై ఆరంభించిన కార్యక్రమమునకు "ఆయన పంచదార వేసుకుంటారా?" అన్న యీ ప్రశ్ననే పేరుగా పెట్టి, 1998 వరకు నడిపిరి.

మేనల్లుడు గడుసువాడు. తాను బదులు పలికినచో రెండవ ప్రశ్నయు తనకే వచ్చునని యెరిగి, పెదవి విప్పక మావయ్య వంక చూచుచు నిలువగా, పెద్దమనిషి చూపు విధిలేక క్రిందికి దిగినది.

"నాకు రెండు చెంచాలు వెయ్యండి. షుగరు వాడికి," అనిరి మాస్టారు.

అంతట పెద్దమనిషి దిద్దుబాటునకు పూనెను. ఒక కుర్చీ లాగుకొని యెదుట కూర్చున్నచో చూపులు సమమై, మాస్టారి మెడకు నొప్పి తప్పెడిది. అట్లుగాక, చక్రాల కుర్చీ చేతిపై బరువానించి వంగి, చెవిటివానికి చెప్పినట్లు, "మాస్టారూ, కులాసాయేనా?" అని పందిరి అదరునట్లు కేకవేసెను.

"కులాసాయే. తమరు ఆనుకున్నది నా భుజమనుకోండి, కాస్త చెయ్యి తియ్యండి."