మా రోజుల్లో పిలుపు ఇంటిల్లిపాదికీ

మా రోజుల్లో పెళ్ళి పిలుపు మనిషి తెచ్చేవాడు. ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు కలిసి వచ్చి, బొట్టు పెట్టి, "వదినా, వచ్చే నెల్లో మా పెద్దమ్మాయి పెళ్ళి. ఆ రెండ్రోజులూ మీ ఇంట్లో పొయ్యి రాజెయ్యకూడదు, పిల్లలతో సహా అందరూ రావాలి" అని మరీ మరీ చెప్పి వెళ్ళేవారు. శుభలేఖలో కూడా సకుటుంబ సపరివార సమేతంగా రమ్మనే అచ్చు వేయించేవారు. తెనాలి పక్కన మా ఊళ్ళో, ఎంతమందిమి వస్తున్నామో రాసి పంపాల్సిన అవసరం ఏ ఇంటికీ రాలేదు.

ఇప్పుడు నేను డాలస్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఇక్కడ తెలుగువాళ్ళ పెళ్ళి పిలుపు ఫోనుకి వస్తుంది. దాంట్లో లింకు నొక్కితే మన పేర్లు కనిపిస్తాయి. సంగీత్‌కి వస్తారా, ముహూర్తానికి వస్తారా, రిసెప్షన్‌కి వస్తారా అని విడివిడిగా అడుగుతారు. ఫలానా తేదీలోపు చెప్పమంటారు. దాన్ని ఆర్‌ఎస్‌వీపీ అంటారు. ఎవరి పేరు ఉంటే వాళ్ళకే పిలుపు. పేరు లేనివాళ్ళకి లేనట్టే.

లెక్క అడిగినందుకు నాకు కోపం లేదు. మా ఊళ్ళో పందిట్లో గాడిపొయ్యి తవ్వి వండేవారు. అనుకున్నదానికన్నా యాభై మంది ఎక్కువొస్తే ఇంకో బంతి వేసేవారు. వంటాయన మరో డేగిసా ఎసరు పెట్టేవాడు. ఇక్కడ హోటల్ హాల్లో ఒక్కో గుండ్రటి బల్లకి ఎనిమిది మందో పదిమందో కూర్చుంటారు. హాల్లో ఎంతమంది ఉండొచ్చో అగ్నిమాపక నిబంధన ఉంటుంది. క్యాటరింగ్ వాళ్ళకి వారం పది రోజుల ముందే ఖాయమైన సంఖ్య చెప్పాలి. ఆ తర్వాత తిన్నా తినకపోయినా ప్లేటుకింతని డబ్బు కట్టాల్సిందే. కాబట్టి అడుగుతారు, అడగాలి కూడా. నా బాధల్లా, అడిగినదానికి మనవాళ్ళు సరిగా జవాబివ్వకపోవడమే.

ఈమధ్య మా మేనకోడలి కూతురి పెళ్ళికి పిలుపొచ్చింది. నా పేరు కింద "మీతోపాటు మరొకరు" అని ఒక గడి ఉంది. ఇక్కడ దీన్ని ప్లస్ వన్ అంటారు. ఒంటరిగా వచ్చేవాళ్ళకి తోడుంటే బాగుంటుందని మర్యాదకి ఇచ్చే చోటు. మా ఆవిడ పోయాక నాకు తోడెవరు? నేనొక్కణ్ణే వెళ్తాను. ఇలాంటప్పుడు చాలామంది ఆ గడిని ఖాళీగా వదిలేస్తారు. ఖాళీ గడిని చూసి ఆ ఇంటివాళ్ళు ఏమనుకోవాలి? ఎవరో వస్తారు, పేరు తర్వాత చెబుతారు అనుకుంటారు. బల్ల దగ్గర కుర్చీ వేస్తారు, ప్లేటుకి డబ్బు కడతారు. పెళ్ళిరోజున ఆ కుర్చీ బోసిగా ఉంటుంది. అక్కడ ఇంకొకరిని పిలుచుకునేవాళ్ళు కదా! ఇంకొందరు చోటు ఉంది కదా అని, పెళ్ళివారికి ముఖపరిచయమైనా లేని స్నేహితుణ్ణి వెంటబెట్టుకెళ్తారు. అది ఇంకా తప్పు.

నేను ఆ గడిలో "ఎవరూ లేరు" అని నొక్కించి, మా మేనకోడలికి విడిగా ఒక సందేశం పెట్టించాను. "అమ్మాయ్, నేనొక్కణ్ణే వస్తున్నాను. నా పక్కన తోడుకని పెట్టిన చోటు మీవాళ్ళలో ఇంకెవరికైనా ఇచ్చుకోండి. నన్ను మాత్రం మన బంధువులున్న బల్ల దగ్గర కూర్చోబెట్టండి, అంతే చాలు." నాలుగు ముక్కలు. కారణాలూ కథలూ అక్కర్లేదు. అరగంటలో ఆ పిల్ల ఫోన్ చేసింది. "మావయ్యా, మీరు చెప్పడం ఎంత మంచిదైందో, పెళ్ళికొడుకు వైపు ఒకాయన ఆలస్యంగా తేలారు" అంది.

పిల్లల సంగతి ఇంకా చిక్కు. అదే పెళ్ళికి మా అబ్బాయికీ కోడలికీ పిలుపొచ్చింది. ఇద్దరి పేర్లే ఉన్నాయి. వాళ్ళకి అయిదేళ్ళ పిల్లాడున్నాడు, ఇంకా పాలు మానని ఎనిమిది నెలల పిల్ల ఉంది. మా ఊళ్ళోనైతే ఈ ప్రశ్నే పుట్టదు. పెళ్ళివారికి విడిది ఉండేది. అందులో ఓ గదిలో దూలానికి చీరతో ఉయ్యాల కట్టేవారు. చంటిపిల్లలు అక్కడ నిద్రపోయేవారు, ఎవరో ఒక ముసలావిడ కాపలా కూర్చునేది. తల్లి నిశ్చింతగా పీటల దగ్గర నిలబడేది. హోటల్ హాల్లో ఆ గది ఏది? పిల్లని పడుకోబెట్టే చోటు లేదు, చూసే మనిషీ లేదు. తల్లి ఒళ్ళో పిల్లతో రాత్రి పదింటిదాకా కూర్చోవాలి.

మా అబ్బాయి స్నేహితుడొకడు, "పేర్లు లేకపోతేనేం, తీసుకెళ్ళిపోండి, వచ్చాక ఎవరు కాదంటారు?" అన్నాడు. ఇదీ నాకు మండేది! కాదనలేరనే కదా ముందుగా అడగాలి? ఇంకో ఆయన, అతిథుల సంఖ్య దగ్గర రెండు కొట్టేసి నాలుగు వేసి పంపానని గొప్పగా చెప్పాడు. అలా చేస్తే పెళ్ళివారే ఫోన్ చేసి వద్దని చెప్పాల్సొస్తుంది. ఆడపిల్ల పెళ్ళి పనుల్లో మునిగివున్న తల్లి చేత ఆ మాట అనిపించడం న్యాయమా?

మా అబ్బాయి చేత ముందు ఫోన్ చేయించాను, ఫారం తర్వాతే నింపాడు. వాడు అడిగింది ఇది. "వదినా, పెద్దాణ్ణి పక్కింటివాళ్ళ దగ్గర ఉంచుతాం. చంటిది తల్లి పాలకి అలవాటు పడింది, అంతసేపు వదిలి రాలేం. దానికి కుర్చీ వద్దు, ప్లేటు వద్దు, ఒళ్ళోనే ఉంటుంది. మంగళసూత్రం వేళ ఏడిస్తే నేను బయటికి తీసుకెళ్తాను. మీకు ఇబ్బందైతే మొహమాటపడకుండా చెప్పు, నేనూ నాన్నా వస్తాం, తను ఇంట్లో ఉంటుంది." అన్నీ అందులోనే ఉన్నాయి. ఎవరొస్తున్నారు, ఎవరు రావట్లేదు, ఎందుకు, పెళ్ళివారి మీద ఎంత భారం పడుతుంది, వద్దంటే ఏం చేస్తారు. చివరి మాట ముఖ్యం. కాదనడానికి దారి ఇవ్వకపోతే అది అడిగినట్టు కాదు.

"చంటిదాన్ని తీసుకురండి, తలుపు దగ్గరి బల్ల ఇస్తాను, లేవడానికి సులువుగా ఉంటుంది" అంది మేనకోడలు. ముహూర్తమప్పుడు పిల్ల ఒకసారి కేర్‌మంది. మా అబ్బాయి ఎత్తుకుని బయటికి వెళ్ళాడు. వీడియో తీసేవాళ్ళకీ పురోహితుడికీ ఏ ఆటంకమూ కలగలేదు. పిల్లాడు పక్కింట్లో హాయిగా ఆడుకున్నాడు.

పిలిచేవాళ్ళనీ ఒక మాట అడగాలి. పిల్లల్ని పిలవదలుచుకోకపోతే ఆ సంగతి రాయండి. పేర్లు వదిలేసి, అర్థం చేసుకుంటారులే అని ఊరుకుంటే మన ఇళ్ళల్లో అర్థం కాదు. పిల్లల్ని వదిలి పెళ్ళికెళ్ళడం మనకి తెలియదు. అమెరికాలోనే కాదు, హైదరాబాద్‌లో రిసార్ట్ పెళ్ళిళ్ళకీ గదుల లెక్క కోసం ఇప్పుడు ఇదే పద్ధతి వచ్చింది. ఇల్లిల్లూ తిరిగి బొట్టుపెట్టి పిలవడం మీకు కుదరకపోవచ్చు. చంటిపిల్లలున్న ఇళ్ళకైనా మీరే ఒక ఫోన్ చెయ్యండి.

పిలుపు అందినవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. గడువు చివరి రోజుదాకా ఆగకండి. తోడు వద్దనుకుంటే వద్దని రాయండి, పిల్లల్ని తేవాలంటే ముందు ఫోన్ చేసి అడగండి, వద్దంటే కోపం తెచ్చుకోకండి.