పరిష్కర్తగారికి నీరాజనం

వాక్య సమతలీకరణ సార్వభౌమా, కర్తృపద సంహార ధురంధరా, ఏ ఊరి మాటనైనా ఏ ఊరిదీ కాకుండా చేయగల సర్వసమదృష్టి సంపన్నా! గోదావరి ఒడ్డున ఓ పల్లెలో ఆవకాయ పెట్టి పార్సిళ్లు పంపుకునే ఒక ఇల్లాలి చిత్తుప్రతి తమరి అమృతహస్తంలో పడి, ఒక్క పూటలో ఎంత ఎత్తుకు ఎదిగిందో చూశాక, మాలాంటి అల్పులకు స్తోత్రం చేయడం తప్ప మరో దారి కనిపించలేదు.

ఆ తల్లి తన కొనుగోలుదారులకు రాసుకున్నది ఇంతే: "మే నెలలో పంపిన ఆవకాయ కొన్ని సీసాల్లో పైన తెల్లగా బూజు కట్టింది. తప్పు నాదే. ముక్కలు కొట్టిన రోజు వాన పడింది. తుడిచే గుడ్డలు తడిసిపోయినా, ఆగకుండా వాటితోనే తుడిచి కలిపేశాను. 13వ తారీకు తరవాత పార్సిల్ అందినవాళ్లు ఆ సీసా పారేయండి. బూజు పైపైన తీసేసి అడుగుది తినకండి. డబ్బులు కావాలంటే వెనక్కి ఇస్తాను, పచ్చడే కావాలంటే ఎండ చూసుకుని మళ్లీ పెట్టి పంపుతాను."

ఎంత అనాగరికం! ఎవరు తప్పు చేశారో, ఎప్పుడు చేశారో, ఎందుకు బూజు పట్టిందో, తిన్నవాడు ఏం చేయాలో మొదటిసారి చదివినవాడికే తెలిసిపోతుంది. పాఠకుడి ఊహకు ఇసుమంతైనా పని కల్పించని ఆ కఠిన గద్యాన్ని తమరు కరుణించి ఇలా దిద్దారు: "మా విలువైన వినియోగదారులకు నమస్కారం. నాణ్యత పట్ల మా అచంచలమైన నిబద్ధతలో భాగంగా, ఇటీవల సరఫరా చేయబడిన కొన్ని ఉత్పత్తులలో స్వల్ప వ్యత్యాసాలు గుర్తించడం జరిగింది. అనివార్య వాతావరణ పరిస్థితుల కారణంగా తలెత్తిన ఈ అంశంపై తగిన దిద్దుబాటు చర్యలు చేపట్టడం జరుగుతోంది. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము."

ఆహా! బూజు మాయమైంది. ప్రపంచంలో ఏ పచ్చళ్ల శాస్త్రజ్ఞుడూ సాధించలేని ఈ సిద్ధిని తమరు చేతికి నూనె అంటకుండా, ఒక్క 'వ్యత్యాసం'తో సాధించారు. తడిగుడ్డ వాతావరణమైంది, వాతావరణం అనివార్యమైంది, ఇక అనివార్యమైనదానికి బాధ్యులెక్కడుంటారు?

అన్నింటికన్నా మమ్మల్ని పరవశింపజేసింది, 'నేను'ను తమరు సాగనంపిన తీరు. ఎంతటి మర్యాద! ఒక్కసారిగా గెంటేయలేదు. మొదట ఆవిడ 'నాదే'ను 'మా'గా మార్చి ఒంటరితనం పోగొట్టారు. అలా గుంపులో చేర్చిన మనిషిని తరువాతి వాక్యంలోనే 'జరిగింది' చేతికి అప్పగించారు. 'కలిపేశాను' అన్నప్పుడు ఒక మనిషి ఒక పని చేసింది. 'గుర్తించడం జరిగింది' అన్నాక పని ఉంది గానీ మనిషి లేదు. వర్షం కురిసినట్టు, పొద్దు పోయినట్టు, అది దానంతట అదే జరిగింది. మామూలు చేతులు 'చేశాను'ను ముట్టుకోవడానికి జంకుతాయి, ఆ క్రియ చివరన 'ను' అనే చిన్న అక్షరంలో రాసిన మనిషి కూర్చుని ఉంటుందని వాటికి భయం. తమరి చేతికి అలాంటి పిరికితనాలు లేవు.

ఇక తమరి సమదృష్టి! 'తప్పు నాదే' అనే ఆ రెండు మాటల పొట్టి వాక్యం, చుట్టూ ఉన్న పొడుగు వాక్యాల మధ్య నిలబడి కంటికి అడ్డం తగులుతోంది కదా. చదివేవాడు అక్కడ ఒక్క క్షణం ఆగుతాడు, ఆగితే నమ్ముతాడు, అది ఎంత ప్రమాదం! తమరు దాన్ని తీసేసి, నమస్కారానికీ, చింతకూ నడుమ ఉన్న వాక్యాలను ఇంచుమించు ఒకే నిడివికి సాగదీసి, చూపు ఎక్కడా ఆగకుండా చివరిదాకా జారిపోయేలా చదును చేశారు. 'ఎండ చూసుకుని' అన్న మాటను తమరు క్షమించకపోవడమూ న్యాయమే. అది పచ్చడి పెట్టేవాళ్లు తప్ప ఇంకెవరూ రాయలేని మాట. అలాంటివి ఉంటే ఉత్తరం ఎవరిదో తెలిసిపోతుంది.

తెలియకూడదనే కదా తమరి తపస్సంతా! మేము భక్తితో ఒక పరీక్ష చేసి చూశాం. తమరి ప్రతి మీద పంపినవారి పేరును చేత్తో మూసి చదివాం. గ్యాస్ ఏజెన్సీ పంపినట్టుంది. మరోసారి చదివితే బ్యాంకు పంపినట్టుంది. మూడోసారికి, ఆలస్యంగా వచ్చిన బస్సు గురించి కూడా అదే కాగితం పనికొస్తుందనిపించింది. అదే పరీక్ష ఆవిడ చిత్తుకు పెడితే, పాపం, ఆవకాయ తప్ప ఇంక దేనికీ పనికిరాదు.

తమరు దయతో ముట్టుకోకుండా వదిలేసిన పనులను కూడా కీర్తించాలి, మహనీయుల గొప్పదనం చేయనివాటిలోనూ ఉంటుంది. ఆ చిత్తులో నిజంగానే రెండు లోపాలు ఉన్నాయి. 'సీసా పారేయండి' అన్న మాట అన్నిటికన్నా ముందు ఉండాల్సింది, కథంతా అయ్యాక వచ్చింది. సగం చదివి కాగితం పక్కన పెట్టేవాడు అన్నం ముందు కూర్చునే ఉంటాడు. రెండోది, '13వ తారీకు తరవాత' అంటే ఆ రోజు అందినవాళ్లు కూడానా, కాదా అన్నది తేలలేదు. ఎవరైనా సామాన్య పరిష్కర్త అయితే ఆవిడకు ఫోన్ చేసి తారీకు సంగతి అడిగి, '13 నుంచి' అనో '14 నుంచి' అనో దిద్ది, ఆ వాక్యాన్ని మొదటికి జరిపి, మిగతాదంతా ఆవిడ మాటల్లోనే ఉంచి, పైకి ఒకసారి చదివి వినిపించి, ఎక్కడైతే ఆవిడ 'నేనిలా అననండీ' అందో అక్కడ మాత్రం వెనక్కి తగ్గి, చేతులు దులుపుకునేవాడు. తమరు అంత చిన్న పనికి దిగలేదు. తారీకునే తీసేశారు. ఇక అది ముందుండాలా, వెనకుండాలా అన్న సందేహానికి తావెక్కడిది? పైకి చదివి చెవులను శ్రమ పెట్టనూ లేదు. మొదటి ప్రతిని పక్కన పెట్టుకుని, ఏది పోయిందో పోల్చి చూసే అనుమానపు బుద్ధి తమరికి బొత్తిగా లేదు.

తమరు ఇంకొంచెం ముందు పుట్టి ఉంటే ఎంత బాగుండేది! గురజాడవారు 'కన్యాశుల్కం'ను 1897లో అచ్చు వేసి, తృప్తి లేక మళ్లీ రాసి, బాగా పెంచి, 1909లో రెండో కూర్పు తెచ్చారు. అంత దిద్దుబాటు తరువాత కూడా గిరీశం మాట గిరీశంలాగే, మధురవాణి మాట మధురవాణిలాగే మిగిలిపోయింది, పాపం. అదే తమరి చేతికి చిక్కి ఉంటే ఓ మధ్యాహ్నానికే పని ముగిసేది. గిరీశమూ, మధురవాణీ, రామప్పంతులూ ఒకే కంపెనీ వార్షిక నివేదికలో పక్కపక్క పేరాల్లా సర్దుకునేవారు. పెళ్లిళ్ల విషయంలో కొన్ని స్వల్ప వ్యత్యాసాలు గుర్తించడం జరిగేది.

తమరి ఉత్తరం అందుకున్న జనం ఎంతగా కదిలిపోయారంటే, ఆ సాయంత్రం నుంచే ఆవిడకు ఒకటే ఫోన్లు. 'ఏమ్మా, మా సీసా తినొచ్చా, వద్దా?' అని. ఆవిడ ప్రతి ఒక్కరికీ ఓపిగ్గా, వాన పడిందనీ, గుడ్డ తడిసిందనీ, తప్పు తనదేననీ, పైపైన తీసేసి తినవద్దనీ, చిత్తులో ఉన్న మాటలే వరసగా చెప్పుకొచ్చిందట. ఈ లోటు తమరి దృష్టికి వచ్చిందనీ, ఇకమీదట ఫోన్ ఎత్తగానే ఆవిడ చదవాల్సిన కాగితాన్ని కూడా తమరే స్వయంగా దిద్ది పంపబోతున్నారనీ విని, ఆ ఊరి తరఫున ముందుగానే సాష్టాంగ ప్రణామాలు సమర్పించుకుంటున్నాం.