రోగం పేరు డెబ్బై ఎనిమిది

బ్రిటన్ రాణి రెండో ఎలిజబెత్ 2022 సెప్టెంబరు 8న కన్నుమూశారు. మరణ ధ్రువపత్రంలో కారణం రాయాల్సిన చోట ‘వృద్ధాప్యం’ అని రాసి ఊరుకున్నారు. అప్పటికి ఆవిడకి 96 ఏళ్లు. అక్కడి డాక్టరు ఆ ఒక్క మాట రాయాలన్నా షరతులున్నాయి. మనిషికి 80 నిండాలి. ఆ డాక్టరే చాలాకాలంగా చూస్తూ ఉండాలి. మనిషి క్రమక్రమంగా నీరసించడం గమనించి ఉండాలి. వేరే జబ్బేదీ తేలకూడదు.

మా గూడెం కొత్తవీధి మండలంలో కొండ మీద ఉండే ఒక అవ్వకీ ఇదే రోగమని తేల్చారు. రాణిగారికి పోయాక రాశారు, మా అవ్వకి బతికుండగానే చెప్పేశారు. పట్టిన సమయం, చీటీ మీద పేరు రాసుకోవడంతో కలిపి, రెండు నిమిషాలు. ఏ ఆస్పత్రి అని అడక్కండి. మీరు కిందటిసారి మీ అమ్మని తీసుకెళ్లిందే అనుకోండి.

అవ్వకి ఆధార్ ప్రకారం 78. పుట్టింది జనవరి 1న. మా కొండల్లో ఆ తరం వాళ్లలో చాలామంది జనవరి 1నే పుట్టారు, అదో వింత. అంటే ఆధార్ కార్డు తీయించిన కుర్రాడు మొహం చూసి వేసిన అంచనాయే పదేళ్ల తర్వాత రోగనిర్ధారణగా పనికొచ్చిందన్నమాట.

జరిగింది చెబుతాను. కాఫీ పళ్లు కోసే రోజుల్లో అవ్వ తోటలో జారింది. పెద్దగా ఏమీ కాలేదు. తల సిల్వర్ ఓక్ మానుకి తగిలి బొప్పి కట్టింది. పసుపు ముద్ద పెట్టుకుంది, సాయంత్రం గంజి తాగి పడుకుంది, మర్నాడు మళ్లీ తోటకి వెళ్లింది. బొప్పితో పాటు ఆ సంగతీ ఇంట్లో అందరూ మరిచిపోయారు.

నాలుగు సంతలు గడిచాయి. మిరియాలు అమ్మి పైసలతో సహా లెక్క చెప్పే అవ్వ, ఐదో సంతలో వంద నోటు ఇచ్చి చిల్లర తీసుకోకుండా వచ్చేసింది. ఎడమకాలి చెప్పు దారిలో జారిపోయినా తెలియలేదు. పొద్దున లేస్తూనే తలపోటు. పగలంతా కునికిపాట్లు. ఒక పూట బాగానే మాట్లాడేది, ఇంకో పూట చచ్చిపోయిన చెల్లెలికి అన్నం పెట్టమనేది.

డాక్టర్ల మీద పడేముందు ఒక నిజం ఒప్పుకోవాలి. తొలి డాక్టరు ఎప్పుడూ ఇంట్లోనే ఉంటాడు. “ముసిల్దానికి చాదస్తం” అని కొడుకు తేల్చాడు. “ఊరు పొమ్మంటోంది, కాడు రమ్మంటోంది” అని పక్కింటావిడ సెకండ్ ఒపీనియన్ ఇచ్చింది. ఊళ్లోకి బండి మీద వచ్చే ఆర్ఎంపీ ఒక సెలైన్ బాటిల్ ఎక్కించి, బలం సూది వేసి, డబ్బులు తీసుకున్నాడు. ఆస్పత్రి డాక్టరు నాలుగోవాడు మాత్రమే. ఆయన ముందు నూట ఇరవై మంది ఉన్నారు. అవ్వని వదిలేసి కొడుకుని అడిగాడు: “వయసెంత?” డెబ్బై ఎనిమిది. “మరింకేం?” బి కాంప్లెక్స్ రాశాడు.

వయోవృద్ధుల కోసం 2007లో ఒక చట్టం చేశారు. దాని 20వ సెక్షను ప్రకారం ప్రభుత్వ ఆస్పత్రుల్లో పెద్దవాళ్లకి ప్రత్యేక వరుస ఉండాలి. మంచిదే. త్వరగా లోపలికెళ్లి, ‘వయసు’ అనిపించుకుని, త్వరగా బయటికి రావచ్చు.

ఇంతకీ అవ్వ తలలో ఏం జరిగింది? కురిడీ కొబ్బరికాయ చేతిలో పట్టుకుని ఊపి చూడండి. లోపలి కొబ్బరి పెంకుని వదిలేసి దొర్లుతుంది. వయసు మీదపడ్డ మెదడూ కొంచెం అలాగే కుదించుకుపోతుంది. దానికీ పుర్రెకీ మధ్య చోటు పెరుగుతుంది, ఆ చోటుని దాటే సన్నటి నరాలు, రక్తం మోసేవి, సాగి బిగుసుకుంటాయి. కుర్రాడికి లెక్కలోకి రాని దెబ్బకే ముసలివాళ్లలో వాటిలో ఒకటి తెగొచ్చు. రక్తం ధారగా కారదు, ఊరుతుంది. లోపల చోటుంది కాబట్టి వెంటనే తెలియదు. రెండు మూడు వారాలకో, రెండు నెలలకో మెదడు మీద బరువు పడి ఒక పక్క కాలో చెయ్యో లాగేస్తుంది, మతి తప్పుతుంది, నిద్ర కమ్ముతుంది. దీన్ని డాక్టర్లు క్రానిక్ సబ్‌డ్యూరల్ హెమటోమా అంటారు. గుండె కోసం రక్తం పల్చబడే మాత్రలు వేసుకునేవాళ్లకి ఈ ముప్పు ఇంకా ఎక్కువ.

అంటే డాక్టరు అన్నది పూర్తిగా తప్పు కాదు. వయసు వల్లే! కాకపోతే ‘వయసు వల్లే’ అన్న మాట దగ్గర స్కాన్ మొదలవాలి. మనదగ్గర అక్కడే ఆగిపోతుంది.

అవ్వని ఒడ్డున పడేసింది డిగ్రీ చదువుతున్న మనవరాలు. సంక్రాంతి సెలవులకి ఇంటికొచ్చి, అవ్వ నడక చూసి, ముందు ఆశా కార్యకర్తని పిలిచింది. వేలు గుచ్చి మలేరియా పరీక్ష, షుగరు చూపించింది. మన ఏజెన్సీలో మనిషి మతి తప్పితే ముందు చూడాల్సినవి అవే, జ్వరం పెద్దగా లేకపోయినా సరే. రెండింట్లోనూ ఏమీ లేదు. అప్పుడు ఒక కాగితం మీద సంతల వారీగా రాసుకుంది. ఫలానా సంతకి లెక్క బాగుంది. ఫలానా సంతకి చిల్లర మరిచింది. ఫలానా రోజు నుంచి చెప్పు జారుతోంది. రాస్తుంటే అవ్వే మంచి పూటలో ఉండి అంది: “తోటలో పడ్డాను కదే పాపా, అది రాయవా?” అంతమంది వైద్యులు చూశారు, ఆ ప్రశ్న అవ్వని ఒక్కరూ అడగలేదు.

మళ్లీ అదే ఆస్పత్రి, అదే డాక్టరు. ఈసారి పిల్ల “నీరసంగా ఉంది సార్” అనలేదు. నీరసానికి మందు బి కాంప్లెక్సే. “ఆరు వారాల కింద తలకి దెబ్బ తగిలింది. రెండు వారాల నుంచి ఎడమకాలు ఈడుస్తోంది. అంతకుముందు తనే సంత చేసుకునేది” అంది. డాక్టరు కాగితం అందుకునేలోపే ఇంకో మాట వేసింది: “సార్, ఇదే మా నాన్నకి వస్తే ఏం పరీక్ష రాస్తారు? వయసు వల్లే అయితే అదే మాట చీటీ మీద రాసివ్వండి, పెద్దాసుపత్రిలో చూపించుకుంటాం.”

నోటితో సులువుగా వచ్చే మాట పెన్నుతో అంత సులువుగా రాదు. డాక్టరు లేచొచ్చి అవ్వ రెండు చేతులూ ముందుకి చాపించి కళ్లు మూయించాడు. ఎడమ చెయ్యి మెల్లగా కిందికి వాలింది. ఆ పరీక్షకి అర నిమిషం పట్టింది, కరెంటు అక్కర్లేదు. చీటీ మీద ‘తల సీటీ స్కాన్, అర్జెంటు’ అని రాశాడు. ఆయనా చెడ్డవాడేం కాదు.

చింతపల్లి, లంబసింగి, ఘాటు దిగి నర్సీపట్నం, అక్కడి నుంచి విశాఖ. స్కాన్‌కి పట్టిన సమయం కంటే దాని దగ్గరికి చేరడానికి పట్టిందే వందరెట్లు. పుర్రెకి రెండు రంధ్రాలు చేసి, ఇంజను నూనె రంగులో ఉన్న పాత రక్తాన్ని బయటికి తీశారు. అందరికీ ఇలా కలిసిరాదు. కొందరికి మళ్లీ చేరుతుంది, కొందరు ఆపరేషనుకి తట్టుకోరు, కొన్ని స్కాన్లలో ఏమీ కనబడదు. ఏమీ లేదని చూసి చెప్పడం వేరు, చూడకుండా చెప్పడం వేరు.

మీ ఇంట్లో పెద్దవాళ్లు నెలలోపు మారిపోతే అది వయసు కాదు. వయసు సంత నుంచి సంతకి పెరగదు. ఇంకా మగత ముదిరినా, వాంతులైనా కాగితాలు రాస్తూ కూర్చోకండి, 108కి ఫోన్ చేయండి, డోలీ కట్టండి.

మూడో రోజు అవ్వ కళ్లు తెరిచి, కాఫీ పళ్లు ఎంతకి అమ్మారని కొడుకుని అడిగింది. అంకె విని, మోసపోయావంది. ఆవిడకి ఇప్పటికీ 78. జనవరి 1 వస్తే 79.