రెండు గంటలు పెరిగిన బీదర్ రాత్రి

"రాత్రి షిఫ్టులో ఓటీ ఖర్చు పెరగడానికి సూపర్‌వైజర్ల అలసత్వమే కారణం." బీదర్ కొల్హార్ పారిశ్రామికవాడలో ఒక మందుల ఫ్యాక్టరీ ఇచ్చిన సర్క్యులర్ ఇది. ఈ వారం అందరి ఫోన్లూ తిరిగింది కాబట్టి మీరూ చూసే ఉంటారు. నేను మాత్రం ఒప్పుకోను. తప్పు సూపర్‌వైజర్‌ది కాదు, రాత్రిది. ఏప్రిల్ నుంచి బీదర్ రాత్రి రెండు గంటలు సాగింది.

పంచాంగం చూస్తే ఏప్రిల్లో పగలు పెరిగి రాత్రి తరగాలి. కొల్హార్‌లో ఆ లెక్క నడవదు. పదింటికి మొదలై ఆరింటికి తెల్లారాల్సిన రాత్రి, కొత్త ఇన్సెంటివ్ స్కీము వచ్చిన రోజు నుంచి ఎనిమిదింటికి గానీ తెల్లారడం లేదు. కోట మట్టితో బిద్రీ పాత్రకు నలుపు పట్టినట్టు రాత్రికి ఎక్కడి నుంచో అదనపు నలుపు పట్టింది. యాజమాన్యం ముందు సూర్యుడికి షోకాజ్ నోటీసు ఇవ్వాలి. ఆలస్యంగా వస్తున్నదీ, వేలిముద్ర వేయకుండా లోపలికి వస్తున్నదీ ఆయనే. ఊళ్లో కోళ్లను పిలిచి విచారించాలి. అవి ఆరింటికే కూసి నెల టార్గెట్ చెడగొడుతున్నాయేమో!

ఈ సాగుడును మొదట పట్టుకున్నవాడు ఆ ఫ్యాక్టరీ ప్యాకింగ్ సెక్షన్ రాత్రి సూపర్‌వైజర్. ఇంకా అక్కడే పనిచేస్తున్నాడు కాబట్టి పేరు చెప్పను. అంకెలు కూడా లెక్క సులువుగా ఉండాలని నేను గుండ్రం చేసినవే.

పాత స్కీములో నలుగురి జట్టు ఎనిమిది గంటల్లో 160 డ్రమ్ములు నింపాలి. ఆపైన ప్రతి డ్రమ్ముకూ జట్టుకు 40 రూపాయలు. వీళ్లు 180 నింపేవాళ్లు. మనిషికి రోజుకు 200 వచ్చేది. 26 రోజులకు 5,200. ఆరింటికి గేటు దాటేవాళ్లు.

కొత్త స్కీములో రోజు లెక్క తీసేశారు. నెలలో 4,680 డ్రమ్ములు, అంటే పాత రోజుకు 180 లెక్కే. అవి నిండితే మనిషికి 5,000, ఒక్క డ్రమ్ము తగ్గినా సున్నా. ఏ గంటలో నింపారన్నది ఎవరూ అడగరు. మనిషికి 200 మిగిలిందని ఆఫీసులో ఎవరో సంతోషపడి ఉంటారు.

జట్టేమో ఎనిమిది గంటల్లో 140 నింపి, మిగిలిన 40 ఓటీలో నింపడం మొదలుపెట్టింది. రోజు కూలి 560, అంటే గంటకు 70. ఓటీకి చట్టప్రకారం రెట్టింపు, 140. రెండు గంటలకు 280, నెలకు 7,280. దానికి 5,000 కలిస్తే 12,280. డ్రమ్ములు అవే, ఖర్చు రెట్టింపు దాటింది.

ఓటీ పెరగడానికి వేరే కారణాలూ ఉంటాయి. డ్రయ్యర్ చెడిందా, మాలు ఆలస్యంగా వచ్చిందా, మనుషులు రాలేదా అని ఆయన లాగ్‌బుక్ అంతా తిరగేశాడు. అన్నీ ఎప్పట్లాగే ఉన్నాయి. అప్పుడు గంటకెన్ని డ్రమ్ములో విడదీసి చూశాడు. మొదటి ఎనిమిది గంటల్లో పదిహేడున్నర, ఓటీలో ఇరవై. ఒళ్లు అలసిన మనిషి చివరి గంటల్లో నెమ్మదిస్తాడు. ఇక్కడ వేగం పెరిగింది. రాత్రి ఎందుకు సాగిందో ఆయనకు అక్కడ తెలిసింది.

జట్టులో ఒకణ్ని పక్కకు పిలిచి అడిగితే, "ఏం చేస్తం సార్, ఆరింటికే పోతే ఇల్లు గడుస్తదా?" అన్నాడు.

ఇక నాకు వేళాకోళం రావడం లేదు. 560 రూపాయల కూలితో ఇల్లు గడవదని తెలిసి కూడా స్కీము రాసినవాళ్లు, నిద్ర మానుకుంటే డబ్బులిస్తామని చెప్పారు. మనుషులు నిద్ర అమ్ముకున్నారు. దాన్ని అలసత్వమంటున్నారు! రోజుకు రెండు గంటలంటే మూడు నెలలకు 156. కర్ణాటక 2023లో ఫ్యాక్టరీల చట్టం సవరించి మూడు నెలల ఓటీ పరిమితిని 75 గంటల నుంచి 144కు పెంచింది. ఆ పెంచిన హద్దు కూడా ఈ స్కీము దాటేసింది. సర్క్యులర్‌లో ఆ మాటే లేదు. ఖర్చు గురించి ఉంది, అలసత్వం గురించి ఉంది. తెల్లారి ఎనిమిదింటికి కళ్లు మూతలు పడుతూ బండి నడిపి ఇంటికి పోయే నలుగురి గురించి ఒక్క అక్షరం లేదు.

స్కీము రాసినవాళ్లకు మెమో రాలేదు. సూపర్‌వైజర్‌కు వచ్చింది, మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట. ఆయన అరపేజీలో రాసిచ్చాడు. అందులో ఉన్నవి రెండే అంకెలు: పదిహేడున్నర, ఇరవై.