సోమవారం రాత్రి ఒంటిగంట

నేను లాగ్ బుక్కుని. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలికి దగ్గర్లో 32 గదుల హోటల్ ఒకటుంది. అక్కడ ముందు కౌంటర్ మీద, ఫోన్‌కి ఎడమ పక్కన నా చోటు. నల్లటి గట్టి అట్ట, ఎర్ర గుడ్డ వెన్ను, పొడుగాటి గీతల కాగితాలు. గెస్టులు సంతకం పెట్టే రిజిస్టరు వేరు, దాన్ని పోలీసులు కూడా చూస్తారు. నన్ను చూసేది కౌంటర్ వెనక నిలబడేవాళ్లే. ఒక షిఫ్టు వెళ్లిపోతూ తర్వాతి షిఫ్టుకి చెప్పాల్సిన మాటలు నాలో రాసి వెళ్తుంది.

2025 ఫిబ్రవరి 3, సోమవారం. తెల్లవారితే రథసప్తమి. రెండు కిలోమీటర్ల అవతల అరసవల్లిలో అర్ధరాత్రి దాటాక సూర్యనారాయణస్వామికి క్షీరాభిషేకం మొదలవుతుంది. ఆ రాత్రి ఊళ్లో ఖాళీ గది దొరకడం కష్టం. ఆ రోజు మధ్యాహ్నం మూడింటి షిఫ్టుకి వచ్చినామె నన్ను ఎలా చదివిందో చెప్తాను.

పావుగంట ముందే వచ్చింది. వచ్చీరాగానే తాళాలు లెక్కపెట్టింది, గల్లాపెట్టెలో చిల్లర డబ్బు చూసుకుని సంతకం పెట్టింది. ఆ రెండూ ఐదు నిమిషాల్లో తేలిపోయాయి. తర్వాత నన్ను తెరిచింది. చాలామంది నా చివరి పేజీ తీసి, ఇప్పుడే దిగిపోతున్న షిఫ్టు ఏం రాసిందో చూసి మూసేస్తారు. ఆమె అలా చెయ్యలేదు. పేజీలు వెనక్కి తిప్పుకుంటూ తన సంతకం ఉన్నచోటికి వెళ్లింది. ఆదివారం ఆమెకి సెలవు. ఆఖరుసారి సంతకం పెట్టింది శనివారం రాత్రి. అక్కణ్ణుంచి ఒక్కో గీతా ముందుకి చదువుకుంటూ వచ్చింది. ఒక్క షిఫ్టే చదివితే, తను లేని రోజున ఎవరో ఇచ్చిన మాట కళ్లబడకుండా పోతుంది. ఆ మాట తీర్చాల్సింది తన షిఫ్టులోనే కావచ్చు.

ఆదివారం పొద్దుటి పేజీలో ఆమె వేలు ఆగింది. అక్కడ ఇలా ఉంది: "రాజమండ్రి నుంచి ఫోన్. నలుగురు. సోమవారం రాత్రి ఒంటిగంటకి వస్తారు. కింది అంతస్తు గది కావాలి, పెద్దావిడకి మోకాళ్ల నొప్పులు. సరే అన్నాం."

రాసినతను మంచి పనే చేశాడు. ఎవరు, ఎంతమంది, ఏం కావాలి, మనం ఏమన్నాం, నాలుగూ ఉన్నాయి. కంప్యూటర్ నుంచి తీసిన ఆనాటి అరైవల్స్ లిస్టుని ఆమె నా పక్కన పెట్టి చూసింది. 15 పేర్లున్నాయి, రాజమండ్రి వాళ్లు లేరు. 4వ తేదీ లిస్టు తీస్తే అందులో ఉన్నారు.

ఇక్కడే మూడు రోజులు ఒకదానికొకటి అడ్డం పడతాయి. మనవాళ్లకి రోజంటే సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకా. తెల్లారేవరకూ అది సోమవారం రాత్రే. రైలు టికెట్టుకి పన్నెండు దాటితే మంగళవారం. హోటల్‌ది మరో లెక్క. రాత్రి డ్యూటీ అతను లెక్కలన్నీ మూసి రోజు మార్చేదాకా కంప్యూటర్‌లో 3వ తేదీయే నడుస్తుంది. అతను ఆ పని రెండు, మూడు గంటల మధ్య చేస్తాడు. ఒంటిగంటకి దిగే మనిషికి కావాల్సింది 3వ తేదీ రాత్రి గది. బుకింగ్ ఎక్కించినవాళ్లు రైలు టికెట్టు లెక్కన 4 అని కొట్టారు. అలాగే వదిలేస్తే ఆ గది మంగళవారం మధ్యాహ్నానికి సిద్ధమవుతుంది. ఆ నలుగురూ మాత్రం అంతకు పదకొండు గంటల ముందే కౌంటర్ దగ్గర నిలబడి ఉంటారు.

ఊహ మీద వదలకుండా ఆమె ఫోన్ చేసి అడిగింది. "సోమవారం రాత్రేనండి. పన్నెండున్నరకి శ్రీకాకుళం రోడ్‌లో దిగుతాం. తెల్లారితే సప్తమి కదండీ," అన్నారు అవతల. పొరుగూరివాళ్లకి ఇంకో సంగతి కూడా చెప్పాలి, చెప్పింది. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆముదాలవలసలో. అక్కణ్ణుంచి ఊళ్లోకి పన్నెండు, పదమూడు కిలోమీటర్లు. ఆ వేళకి ఆటో కావాలా అని అడిగి, కావాలన్నది రాసుకుంది.

ఆ తర్వాత గదుల లెక్క. నా వెనక అట్ట లోపల పెన్సిల్‌తో వేసింది. మొత్తం 32. అందులో 104 మూసి ఉంది, బాత్రూమ్ కొళాయి కారుతోందని. 24 గదుల్లో మనుషులున్నారు. ఖాళీ 7. ఈరోజు వెళ్లిపోయేవి 9. ఏడూ తొమ్మిదీ పదహారు. వచ్చేవాళ్లు 15, రాజమండ్రి వాళ్లతో 16. సరిగ్గా సరిపోయింది.

కానీ నాలో సోమవారం పొద్దుటి గీత ఇంకొకటి ఉంది: "203 వాళ్లు ఇంకో రోజు ఉంటామన్నారు. సాయంత్రం చెప్తామన్నాం." అంటే వెళ్లేవి 9 కాదు, 8 కావచ్చు. ఒక గది తక్కువ. అడిగిన మనిషికి అవుననీ కాదనీ ఎవరూ చెప్పలేదు. కౌంటర్ దగ్గర గొడవలు చాలావరకు ఇలాంటి మాటల్లోనే పుడతాయని నా పేజీలు చదివినవాళ్లెవరికైనా తెలుస్తుంది. కాదంటే గెస్టు వేరేచోటు వెతుక్కుంటాడు. "చెప్తాం" అని వదిలేస్తే సామాను సర్దుకోకుండా కూర్చుంటాడు. అప్పటికి కొత్తవాళ్లు దిగిపోతారు.

అయినా ఆమె వెంటనే 203కి ఫోన్ చెయ్యలేదు. ముందు 104 సంగతి చూసింది. నాలో ఆదివారం రాత్రి రాసింది ఇంతే: "104 కొళాయి లీక్. ప్లంబర్‌కి చెప్పాం." ఆ గీతకి తోక లేదు. ప్లంబర్ వచ్చాడా, రాలేదా? నాకు కూడా తెలీదు. రాయనిది నాకెలా తెలుస్తుంది? గదులు శుభ్రం చేసే పెద్దామెని పిలిచి అడిగింది.

"అప్పా, 104 సంగతేటి?"

"పొద్దున్నే బాగు చేసీసినాడు కదమ్మా. వాసరు మార్చినాడు. మీకు సెప్పలేదేటి?"

చెప్పే ఉంటాడు, వెళ్తూ వెళ్తూ కౌంటర్ దగ్గర ఎవరికో. ఆ వేళ ఎవరో ఫోన్‌లో ఉండి ఉంటారు. బాగైన గది అలా సగం రోజు లెక్కలో లేకుండా ఉండిపోయింది, పండగ రోజున. పెద్దామె మాట మీద మాత్రమే ఈమె గదిని తెరిపించలేదు. పొడి బకెట్టు ఒకటి కొళాయి కింద పెట్టించి, అరగంట ఆగి చూడమంది. చుక్క పడలేదు. గది కడిగించి, దుప్పట్లు మార్పించి, తను వెళ్లి గీజర్ వేసి చూసి వచ్చింది. 104 కింది అంతస్తుదే, రాజమండ్రి పెద్దావిడకి అదే రాసింది. అప్పుడు 203కి ఫోన్ చేసి "ఉండండి సర్, మీ గది మీదే" అంది.

మా హోటల్‌లో 24 గంటల చెక్ అవుట్. మన జిల్లాల్లో చాలా లాడ్జీలది ఈ పద్ధతే. రాత్రి తొమ్మిదింటికి దిగినవాళ్లకి మర్నాడు తొమ్మిది దాకా గది వాళ్లదే. కాబట్టి "ఈరోజు వెళ్లేవి 8" అన్న లెక్క ఒక్కటే చాలదు, ఏ గంటకి వెళ్తారో కూడా కావాలి. ఆ ఎనిమిదిలో రెండు గదులు రాత్రి తొమ్మిదికి గానీ రావు. వచ్చేవాళ్లలో వేళ చెప్పనివాళ్లకి ఫోన్లు చేసి, పదిన్నర తర్వాత దిగే ఇద్దరిని ఆ రెండు గదుల మీద రాసింది. సాయంత్రం ఆరుకి వచ్చేవాళ్లని వాటి మీద రాసి ఉంటే, మూడు గంటలు సోఫాలో కూర్చోబెట్టాల్సి వచ్చేది.

చివరగా గెస్టులు అడిగినవి. ఆ రోజు ఎక్కువ గదులు అడిగింది నిద్ర లేపమనే. "112, రేపు 1 గంటకి లేపాలి" అని మధ్యాహ్నం ఎవరో రాశారు. ఆమె ఆ "రేపు"ని ఒక్క అడ్డగీతతో కొట్టేసింది. పక్కన "4వ తేదీ మంగళవారం, రాత్రి 1:00" అని రాసి సంతకం పెట్టింది. తెల్ల సిరా పుయ్యలేదు. పాత మాట చదవడానికి వీలుగానే ఉండాలి, ఎవరు మార్చారో తెలియాలి.

ఆ దిద్దుబాటు వెనక ఒక బాధ ఉంది. నాకు ముందున్న పుస్తకం ఇప్పుడు అటక మీద ఉంది. కిందటి రథసప్తమికి అందులో "రేపు 2కి లేపాలి" అని రాశారు. రాత్రి డ్యూటీ అతను దాన్ని పన్నెండు దాటాక తెరిచాడు. అప్పటికి అతనికి రేపంటే తర్వాతి రోజు. ఆ గదిలోని తల్లీకొడుకులు ఆరింటికి తమంతట తామే లేచారు. అభిషేకం కోసమే అంత దూరం నుంచి వచ్చిన ఆ తల్లి కౌంటర్ ముందు నిలబడి ఏడ్చిందట. ఆ పూట డ్యూటీలో ఉన్నది ఈమే. అప్పట్నుంచి నా పేజీల్లో నేడు, రేపు, ఎల్లుండి అన్న మాటలు ఆమె ఉండనివ్వదు. తేదీ, వారం, గంట, ఈ మూడూ ఉండాల్సిందే. "కాసేపట్లో" అని రాసినా ఊరుకోదు.

107 వాళ్లు జిల్లేడాకులు అడిగారు, తలమీదా భుజాలమీదా పెట్టుకుని సప్తమి స్నానం చెయ్యడానికి. ఏడుగురున్నారు, మనిషికి ఏడు. అడిగింది పొద్దున్న, తెచ్చేవాడి పేరు రాయలేదు. పేరు లేని పని ఎవరిదీ కాదు. ఆమె గదుల కుర్రాడిని పిలిచి, 49 ఆకులు రాత్రి తొమ్మిదిలోపు అని అతని పేరుతో రాసింది.

రాత్రి పదకొండుకి దిగిపోయే ముందు రాసింది చిన్నదే. "104: రాజమండ్రి, నలుగురు. 3వ తేదీ కింద ఎక్కించండి, రోజు మార్చకముందే. ఆటో స్టేషన్ దగ్గర 12:15 నుంచి ఉంటుంది. 104 కొళాయి బాగైంది, చూశాను. 203 ఉంటున్నారు, చెప్పాను. లేపాల్సిన గదులు కింద, గంటల వరసలో." రాత్రి డ్యూటీ అతను వచ్చాక, పుస్తకం చేతికిచ్చి వెళ్లిపోలేదు. "అన్నయ్యా, ఒకసారి పైకి చదువు" అంది. అతను చదివాడు. 1:00 దగ్గర ఆగి "ఇది ఈ రాత్రేనా?" అని అడిగాడు. అవునంది.

ఒంటిగంటకి 112కి ఫోన్ మోగింది. అటువైపు నుంచి మాట వినబడ్డాకే అతను టిక్కు పెట్టాడు. మోగించినంత మాత్రాన టిక్కు పెట్టడు. ఒంటిగంటా ఇరవైకి ఆటో ఆగింది. పెద్దావిడ కొడుకు భుజం పట్టుకుని మెల్లగా లోపలికి వచ్చింది. మెట్లు ఎక్కాలేమోనని ముందే భయపడుతోంది. "కిందేనమ్మా, ఇదిగో, నాలుగు అడుగులు," అని అతను తాళం తీసుకుని ముందు నడిచాడు.

తిరిగి వచ్చేసరికి 107 వాళ్ల కోసం తెచ్చిన ఆకుల కట్ట నా పక్కన కౌంటర్ మీదే ఉంది. తుంచిన తొడిమల నుంచి పాలు కారి నా పేజీ అంచు మీద పడ్డాయి. అతను గుడ్డతో అద్ది, కట్టని పక్కకి జరిపి, 104 ఎదురుగా వేళ రాశాడు: 1:20.