జోకర్ కూడా ఆరే

పెళ్లి ఏర్పాట్లలో పురోహితుడు, వంటవాడి తర్వాత తప్పనిసరిగా ఉండాల్సినవి రెండు కట్టల పేక. ముహూర్తం తెల్లవారుజామునైతే ఇక చెప్పక్కర్లేదు. విడిదింట్లో రాత్రంతా చాప మీద పెద్దమనుషులు గుండ్రంగా కూర్చుని ఉంటారు. పదమూడు ముక్కల రమ్మీ, పాయింటు రూపాయి.

ఆ రాత్రి ఆఠీను ఆరు జోకర్. అంటే నాలుగు రంగుల ఆర్లూ జోకర్లే. పెళ్లికొడుకు బాబాయి చేతిలో మూడు రాజులు, రెండు రాణులు, బోలెడంత ఆశ. ఎదురుగా చిన్ననాటి స్నేహితుడు షో కొట్టి ముక్కలు పరిచాడు. మిగతా పది ముక్కల మీద పేచీ లేదు. లైఫ్ దగ్గరే వచ్చింది చిక్కు: ఇస్పేటు నాలుగు, అయిదు, ఆరు.

"ఆరు జోకర్ కదరా! జోకర్ పెట్టి లైఫ్ ఏమిటి? రాంగ్ షో, ఎనభై కక్కు!" అన్నాడు బాబాయి.

స్నేహితుడిదే న్యాయం. జోకర్ ఇంకో ముక్క బదులు కూర్చుంటేనే లైఫ్ చెడుతుంది. ఇస్పేటు ఆరు ఇస్పేటు ఆరుగానే, తన చోటులోనే కూర్చుంటే అది అసలు ముక్కే. బాబాయికి ఇది తెలియదా? నలభై ఏళ్లుగా తెలుసు. కానీ ఆయన చేతిలో లైఫ్ లేదు. లైఫ్ లేనివాడికి అన్ని ముక్కలూ లెక్కకొస్తాయి, ఫుల్ కౌంట్ ఎనభై. జ్ఞాపకశక్తి ఎగిరిపోవడానికి ఎనభై రూపాయలు చాలు. ముక్కలు గాల్లోకి లేచాయి, రెండు రాణులు కాఫీ గ్లాసులో పడ్డాయి. రమ్మీలో పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి, కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యమున్న ఆటేనని 1967లో సుప్రీంకోర్టు చెప్పింది. అదీ మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోనే. ఆ నైపుణ్యం చూడాలంటే ఆ గ్లాసు చూడాల్సింది.

మర్నాడు మధ్యాహ్నం, అప్పగింతలయ్యాక, బాబాయి ఫోను తీశాడు.

మొదటి మెసేజ్: "రాత్రి నా మాటల వల్ల నీ మనసు నొచ్చుకుని ఉంటే సారీ." ఉంటే! తిట్టినప్పుడు లేని అనుమానం క్షమాపణ దగ్గర వచ్చింది. డిలీట్.

రెండోది: "తప్పు నాదే. కానీ మా ఊళ్లో జోకర్ పెడితే లైఫ్ ఒప్పుకోరు." ఇద్దరిదీ ఒకే ఊరు. డిలీట్.

మూడోది పెళ్లి గ్రూపులో పెట్టాడు, నాలుగు దండాలతో. తిట్టింది నలుగురి ముందు కాబట్టి క్షమాపణా అక్కడే చెబుతున్నాననుకున్నాడు. వియ్యంకుడు వెంటనే "ఏమైంది బావగారూ?" అని అడిగాడు. అదీ డిలీట్.

సాయంత్రానికి నాలుగోది, స్నేహితుడొక్కడికే: "ఒరేయ్, ఆరు దాని చోటులోనే ఉంది. నీ షో కరెక్టే. నోరు జారాను, ముక్కలు విసిరాను. క్షమించు. ఎనభై పంపించా."

టిక్కులు నీలం రంగుకి తిరిగి అరగంటైంది. అప్పుడొచ్చింది జవాబు:

"అందింది రా. పేక కట్టకి ఇంకో నూట యాభై. రాణులు ఉబ్బిపోయాయి."