జలచక్రం వీడియో: పిల్లలకు అర్థం కాకుండా తీయడానికి కొన్ని చిట్కాలు

మూడో తరగతికి జలచక్రం మీద మూడు నిమిషాల యానిమేషన్ కావాలని మీకు పని వచ్చిందా? కంగారు పడకండి. ముందుగా పాత చార్టు ఒకటి సంపాదించండి. ఎడమవైపు సముద్రం, కుడివైపు మంచుకొండ, పైన నవ్వే సూర్యుడు ఉంటే చాలు. వీడియో అనంతపురం పిల్లలకైనా సరే, మంచుకొండ మాత్రం తీసేయకండి. చెరువు, బోరుబావి వేశారో, పిల్లలు తమ ఊరిని గుర్తుపట్టి ప్రశ్నలు మొదలుపెడతారు.

ఇక అసలు కిటుకు ఆవిరి దగ్గరుంది. నీటి ఆవిరి కంటికి కనపడదు. కనపడనిదాన్ని బొమ్మలో చూపించడం కష్టం కాబట్టి యానిమేటర్‌కి ఇలా రాసివ్వండి: "సముద్రం మీద బుడగలు. తెల్లటి పొగలు పైకి లేచి మేఘమవుతాయి." ఈ ఒక్క సూచనతో రెండు అపోహలు ఖాయం. నీళ్లు మరిగితేనే ఆవిరవుతాయని ఒకటి, ఆవిరంటే తెల్లగా ఉంటుందని రెండోది. ఇడ్లీపాత్ర మూత సందులోంచి వచ్చేదాన్ని కాస్త ఎడంగా నిలబడి గమనించిన పిల్లలకు మాత్రం ఈ మాయ పనిచేయదు. సందుకు ఆనుకుని కొంచెం మేర ఏమీ కనపడదు, ఆ తర్వాతే తెలుపు మొదలవుతుంది. కనపడని ఆ మేరలో ఉన్నదే ఆవిరి. తెల్లగా కనిపించేది చల్లబడి మళ్లీ నీరైన సన్నటి తుంపర. మేఘమూ అలాంటి తుంపరే. పొరపాటున కూడా ఆ ఖాళీని క్లోజప్‌లో చూపించకండి.

కొందరు తెలివితక్కువ రచయితలు సముద్రం దాకా వెళ్లకుండా పలకతో మొదలుపెడతారు. వాళ్ల స్క్రిప్టు ఇలా ఏడుస్తుంది:

షాట్ 4. నల్లపలక, క్లోజప్. తడిగుడ్డతో తుడిచిన మచ్చ. అంచుల నుంచి మెల్లగా చిన్నదవుతూ మాయమవుతుంది. పలక నీడలోనే ఉంది. పొగ వద్దు, బాణాలు వద్దు. ఆరు సెకన్లు మాటలు లేవు.
వాయిస్: "నీళ్లెటు పోయాయి? ఎవరూ తాగలేదు. గాలిలో కలిసిపోయాయి. అందుకే కనపడటం లేదు."

చూశారా, ఆరు సెకన్లు దండగ! ఆ చోట మీరైతే "సౌరశక్తి ప్రభావంచేత జలాశయాల ఉపరితలం నుండి నీరు బాష్పీభవనం చెంది, ఊర్ధ్వముఖంగా పయనించి సాంద్రీకరణం చెందును" అని చదివించేయొచ్చు. విన్న పిల్లలు మాటలు బట్టీపడతారు, బొమ్మ వైపు చూడరు. అదే మనక్కావలసింది.

కథానాయిక లేనిదే యానిమేషన్ లేదు కనుక కళ్లూ చేతులూ ఉన్న ఒక నీటిచుక్కను పుట్టించండి. చుక్కమ్మ అనుకుందాం. ఆమె చుక్కగానే ఎగరాలి, చుక్కగానే మేఘంలో కూర్చోవాలి, చుక్కగానే దూకాలి. నిజానికి ఆవిరయ్యేటప్పుడు చుక్కమ్మ కంటికందని రేణువులుగా విడిపోయి తలో దిక్కూ పోతుంది. పైన చల్లగాలిలో ఏ ధూళికణాన్నో ఉప్పుకణాన్నో పట్టుకుని వేరే రేణువులతో కలుస్తుంది. పాత చుక్కమ్మ మళ్లీ దొరకదు. అలా చూపిస్తే అమ్మసముద్రం ఒడిలోకి తిరిగొచ్చే క్లైమాక్సు పోదూ?

వాన ఎందుకు పడుతుందో వివరించకండి. రెండు మేఘాలు తలలు ఢీకొని ఏడిస్తే చాలు, క్లాసంతా నవ్వుతుంది. మేఘంలోని తుంపర చుక్క అడ్డంగా సుమారు 0.02 మిల్లీమీటర్లు ఉంటుంది, మామూలు వానచినుకు సుమారు 2 మిల్లీమీటర్లు ఉంటుంది. అంటే అడ్డకొలతలో నూరు రెట్లు, నీటి పరిమాణంలో పది లక్షల రెట్లు. అంత చిన్నది కనుకనే తుంపర గాలిలో తేలుతుంది. ఒకదానితో ఒకటి కలిసి బరువెక్కాకే రాలుతుంది. తెర నిండా సన్నటి చుక్కలు కలుస్తూ కలుస్తూ ఒక చినుకయ్యే షాటు ఒక్కటి వేస్తే విషయం తెలిసిపోతుంది. వేయించకండి. చినుకుకు పైన తోక కూడా పెట్టించండి. చిన్న చినుకు గుండ్రంగా ఉంటుందనీ, పెద్దది కిందివైపు గాలి ఒత్తిడికి చదునవుతుందనీ ఎవరడిగారు?

చివర బాణాలన్నీ కలిపి ఒక నిండు వలయం గీయించండి. సముద్రం నుంచి లేచిన నీటిలో ఎక్కువభాగం మళ్లీ సముద్రంలోనే కురుస్తుందనీ, నేలలో ఇంకిన నీరు కొన్నిచోట్ల వేల ఏళ్లు ఉండిపోతుందనీ చెప్పబోతే వలయం వంకర పోతుంది.

అన్నిటికంటే ముఖ్యం: వీడియో పూర్తయ్యేలోపు ఏ ఎనిమిదేళ్ల పిల్లకీ చూపించకండి. అందులోనూ వాయిస్ తీసేసి బొమ్మలు మాత్రం చూపించి "ఏం జరిగింది, చెప్పమ్మా" అని అస్సలు అడగకండి. "సముద్రం మరిగింది, పొగొచ్చింది, మబ్బులు గుద్దుకున్నాయి" అందనుకోండి, షాట్లన్నీ మళ్లీ గీయించాలి. దానికి బడ్జెట్ ఉండదు.